అందరికీ 36 పెడితే ఎట్లా కుదురుతుంది?

"అక్కా, నమస్తే. నాకు 24 ఏళ్లు. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. హన్మకొండలో ఉంటాం. వచ్చే నెల కరీంనగర్‌లో మా పెద్దనాన్న బిడ్డ పెళ్లి. రిసెప్షన్‌కు అక్క, చెల్లె, నేను ఒకే తీరు స్కర్టులు వేసుకోవాలనుకున్నం. వరంగల్ జేపీఎన్ రోడ్డుల సిల్క్ కాటన్ తీసుకొని, కింద జరీ అంచు, నడుముకు కుచ్చులు, పక్కకు జిప్పు పెట్టించి ముగ్గురికీ 36 ఇంచుల పొడుగుతో కుట్టించింది అక్క. ఆమె 5 అడుగుల 7 అంగుళాలు ఉంటది. ఆమెకు నేలకు అయిదున్నర ఇంచుల పైన ఆగింది. చెల్లెకు 3 ఇంచుల పైన, నాకు అర ఇంచు పైన. ముగ్గురం వరుసగా నిలబడితే నేనొక్కదాన్నే అక్క లంగా కట్టుకొచ్చినట్టున్న. ఇంతకుముందు ఆన్‌లైన్‌ల మిడి డ్రెస్ అని 48 ఇంచులది తెప్పిస్తే అదీ చీలమండల దాకా వచ్చింది. పొట్టోళ్లకు స్కర్టులు నప్పవని చిన్నమ్మ అంటది. మోకాళ్ల దాకా కుట్టించుకుంటానంటే అమ్మ ఒప్పుకుంటలేదు. పెళ్లయినంక హైదరాబాద్‌ల ఉద్యోగంల చేరాలె. ఆఫీసుకు ఏ పొడుగు చెప్పాల్నో తెలుస్తలేదు. కుట్టిన స్కర్టును కోయించాల్నా, వదిలెయ్యాల్నా?"

— హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు

చెల్లె, కత్తెర పట్టించే ముందు నువ్వు రాసిన అంకెలనే ఇంకోసారి చూద్దాం. జవాబులో సగం అందులోనే ఉంది. అక్క స్కర్టు 36 ఇంచులు, దాని కింద అయిదున్నర ఖాళీ. రెండూ కలిపితే ఆమె నడుము నుంచి నేలకు 41న్నర. అట్లాగే మీ చెల్లెకు 39, నీకు 36న్నర. ముగ్గురికీ టేపు పెట్టకుండానే మనకు కావలసిన అసలు కొలత దొరికింది.

ఇంకో సంగతి చూశావా? అక్కకూ నీకూ ఎత్తులో తేడా 8 అంగుళాలు. నడుము కింద తేడా మాత్రం 5 ఇంచులే. మిగిలిన మూడూ నడుము పైన, వీపులో, మెడలో, తలలో పోయాయి. అందుకే "ఎనిమిది అంగుళాలు పొట్టి కదా, ఎనిమిది ఇంచులు తగ్గించు" అని దర్జీకి చెబితే ఈసారి మరీ పైకి పోతుంది. అసలు ఒకే ఎత్తున్న ఇద్దరికి కూడా నడుము కింద పొడుగు ఒకటి ఉండదు. ఒకరికి కాళ్లు పొడుగు, ఒకరికి వీపు పొడుగు. స్కర్టుకు ఎత్తు అడిగే దర్జీ కంటే నడుము నుంచి టేపు వదిలే దర్జీ నయం.

మినీ, మోకాలి పొడుగు, మిడి, మ్యాక్సీ అనేవి ఇంచుల పేర్లు కావు, కాలి మీద చోట్ల పేర్లు. తొడ మధ్యలో ఆగితే మినీ. మోకాలి చిప్ప దగ్గర ఆగితే మోకాలి పొడుగు. మోకాలికీ చీలమండకూ నడుమ, పిక్కల మీద ఆగితే మిడి. చీలమండ దాటి పాదం వైపు పోతే మ్యాక్సీ. ఆ చోట్లు ఒక్కొక్కరికి నడుము నుంచి ఒక్కో దూరంలో ఉంటాయి కాబట్టి అంకె మారుతుంది, పేరు మారదు. పేర్లు పెట్టినవాళ్లు కూడా ఇంచులు చూసి పెట్టలేదులే. 1960లలో లండన్‌లో పొట్టి స్కర్టులకు పేరు తెచ్చిన మేరీ క్వాంట్ తనకిష్టమైన మినీ కారు పేరే వాటికి పెట్టింది.

నేలకు 36న్నర ఉన్న నీకు ఆ చోట్లు సుమారుగా ఎక్కడ వస్తాయో చెబుతాను, టేపుతో సరిచూసుకో. తొడ మధ్య 14, 15 ఇంచుల దగ్గర. మోకాలి చిప్ప 20, 21 మధ్య. పిక్క బాగా లావుగా ఉండే చోటు 24, 25 దగ్గర. పిక్క కండ అయిపోయి కాలు సన్నబడే చోటు 28 దాటాక మొదలవుతుంది. చీలమండ ఎముక 33, 34 మధ్య. ఇప్పుడు నీ 36 ఎక్కడ పడుతుందో చూడు. అక్కకు అది పిక్క కింద సన్నటి చోట ఆగింది, అంటే కిందికి దిగిన మిడి. నీకు చీలమండ దాటి నేలను తాకబోయింది, అంటే నిండు మ్యాక్సీ. దర్జీ ముగ్గురికీ ఒకే స్కర్టు కుట్టలేదు, మూడు రకాల స్కర్టులు కుట్టింది. వరుసలో నువ్వు వేరుగా కనిపించింది అందుకు. చిన్నమ్మ చెప్పినదానికీ దీనికీ సంబంధం లేదు.

కొలిచే తీరు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు కాబట్టి అది కొంచెం వివరంగా రాస్తాను. ముందు నడుము ఎక్కడో తేల్చుకో. పక్కకు వంగితే ఒంట్లో మడత పడే చోటు అసలు నడుము. మనలో చాలామందిమి లంగా నాడా అంతకంటే రెండు ఇంచుల కిందికి, బొడ్డు దగ్గర కట్టుకుంటాం. తప్పేం లేదు, కాకపోతే కొలత ఒక చోట తీసి, స్కర్టు ఇంకో చోట వేసుకుంటే ఆ రెండు ఇంచులూ కింద తేలతాయి. కాబట్టి స్కర్టు ఎక్కడ నిలవాలో అక్కడ ఒక నాడా గట్టిగా కట్టుకో. కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరుగు. నాడా జారి ఎక్కడ ఆగితే అదే నీ మొదలు.

తర్వాత టేపు నువ్వు పట్టుకోవద్దు. అంకె చూద్దామని తల వంచితే నడుము ముందుకు వాలి ఒక ఇంచు ఎటో పోతుంది. అమ్మనో చెల్లెనో కింద కూర్చోమని, నువ్వు ఎదురుగా ఉన్న గోడను చూస్తూ నిలబడు. టేపు గాలిలో వేలాడకూడదు, తుంటి మీదుగా ఒంటిని ఆనుకొని దిగాలి. పక్కన ఒకసారి, ముందు ఒకసారి, వెనక ఒకసారి కొలవాలి. పిరుదులు నిండుగా ఉన్నవాళ్లకు వెనక అర ఇంచో, ఇంచో ఎక్కువ వస్తుంది. ఆ తేడా రాసుకోకుండా చుట్టూ ఒకే పొడుగు కత్తిరిస్తే వేసుకున్నాక వెనకంచు పైకి లేచి కనిపిస్తుంది. "స్కర్టు వంకరగా ఉంది" అని తిరిగి తెచ్చేవాటిలో చాలావాటికి కారణం ఇదే.

చెప్పుల విషయంలో అందరూ తికమకపడతారు. హీల్స్ వేసుకుంటే మోకాలి పొడుగుకూ మిడికీ ఒక్క ఇంచు కూడా మార్చనక్కర్లేదు. ఎందుకంటే అంచు నీ కాలి మీద ఉన్న చోటే ఉంటుంది, కాలూ స్కర్టూ కలిసి పైకి లేస్తాయి. లెక్క మారేది నేలను చూసి పెట్టే మ్యాక్సీకే. రెండు ఇంచుల హీల్ వేస్తే మ్యాక్సీ నేలకు రెండు ఇంచులు దూరమవుతుంది. అందుకని మ్యాక్సీకి కొలతలిచ్చే రోజు, ఆ రోజు వేసుకునే చెప్పులే కాళ్లకు ఉండాలి.

అంకెలు వచ్చాయి కదా అని వెంటనే నమ్మకు. ఒక చున్నీని నీ నడుముకు చుట్టి, నిలువుటద్దం ముందు నాలుగడుగుల వెనక్కి నిలబడు. అమ్మతో అంచును మెల్లగా పైకి మడతపెట్టించు. పిక్క లావుగా ఉన్న చోట అంచు ఆగినప్పుడు కాలు మొత్తం అంత లావుగా, పొట్టిగా కనిపిస్తుంది. ఆ అడ్డగీత కంటిని అక్కడే ఆపేస్తుంది మరి. ఇంకో మూడు నాలుగు ఇంచులు కిందికి దించి, కాలు సన్నబడ్డ చోట ఆపితే అదే కాలు పొడుగ్గా కనిపిస్తుంది. పైకి జరిపి మోకాలి చిప్ప కింద గుంట దగ్గర ఆపినా అంతే. ఎత్తు తక్కువ ఉన్నవాళ్లకు మిడి నప్పదనే మాట ఎక్కడ పుట్టిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పొడుగైనవాళ్ల అంకెలతో కుట్టిన స్కర్టు పొట్టివాళ్లకు సరైన చోట ఆగదు, ఆగకూడని చోట ఆగితే బాగుండదు. నచ్చిన చోట పిన్నీసు పెట్టి, నాడా నుంచి పిన్నీసు దాకా కొలిచి రాసుకో. అదే నీ మిడి అంకె. నా అంచనా 28కీ 29కీ మధ్య వస్తుంది.

ఇక కుట్టిన స్కర్టు సంగతి. నీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, దాన్ని మ్యాక్సీగానే ఉంచుకోవడం. నీకు 36 నిజానికి మంచి మ్యాక్సీయే. పొట్టివాళ్లు మ్యాక్సీ వేయొద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. నడుము సరిగ్గా నడుము మీద ఉండి, జాకెట్టు పొట్టిగా ఉంటే నడుము నుంచి నేల దాకా ఒకటే గీత కనిపిస్తుంది, ఎత్తు పెరిగినట్టే ఉంటుంది. కాకపోతే చదును చెప్పులతో అర ఇంచు ఖాళీ చాలదు. స్టేజీ మెట్లు ఎక్కేటప్పుడు అంచు కాలి కింద పడుతుంది. నేలకు కనీసం ఇంచు, ఇంచున్నర ఎడం కావాలి. రెండు ఇంచుల హీల్ వేసుకుంటే ఎడం రెండున్నర అవుతుంది, అప్పుడు కుట్టు ముట్టుకోవాల్సిన పనే లేదు. ఈ దారిలో ఖర్చు ఉండదు. అయితే అక్క పక్కన నిలబడితే స్కర్టులు వేరు వేరు పొడుగులు అన్నది కనిపిస్తూనే ఉంటుంది. ఫొటోలో ముగ్గురూ ఒక్క తీరుగా ఉండాలన్నది మీ కోరిక అయితే ఇది తీర్చదు.

రెండోది, అక్కకు ఎక్కడ ఆగిందో నీకూ అక్కడే ఆపడం. దీనికి చిన్న లెక్క. అక్కకు నడుము నుంచి నేలకు 41న్నరలో స్కర్టు 36 వచ్చింది. 36ను 41న్నరతో భాగిస్తే 0.87. నీ 36న్నరను 0.87తో గుణిస్తే 31 ముప్పావు. చెల్లె 39కి అదే లెక్క వేస్తే 34కు కొంచెం తక్కువ. అంటే అక్కకు 36, చెల్లెకు 34, నీకు 31 ముప్పావు. అంకెలు మూడు, కనిపించే పొడుగు ఒకటే. నీ స్కర్టులో నాలుగుంపావు ఇంచులు తగ్గాలి, చెల్లెదాంట్లో రెండు. నువ్వు చున్నీతో చూసుకున్నప్పుడు 31 ముప్పావు నీ కాలు సన్నగా ఉన్న చోటే పడుతుంది కాబట్టి అది నప్పుతుంది కూడా.

తగ్గించడం ఎట్లా అన్నదే అసలు పని. కింద జరీ అంచు ఉంది, కాబట్టి కింద కత్తిరించలేరు. పైనే తీయాలి. బెల్టు విప్పి, పైన నాలుగుంపావు కత్తిరించి, మళ్లీ కుచ్చులు పోసి బెల్టు కుట్టాలి. మీది కుచ్చుల స్కర్టు కావడం మంచిదైంది. పైనుంచి కిందికి గుడ్డ వెడల్పు ఒకటే ఉంటుంది, పైన ఎంత తీసినా నడుముకు మళ్లీ సరిపోతుంది. ఇదే నిండు గుండ్రం అంబ్రెల్లా స్కర్టు అయితే పైన తీయనే కూడదు. పైన మూడు ఇంచులు తీస్తే నడుము చుట్టుకొలత దాదాపు 19 ఇంచులు పెరుగుతుంది, దాన్ని మళ్లీ నడుముకు తేవాలంటే లేని కుచ్చులు పెట్టాలి. అట్లాంటివాటికి అంచు విప్పి, కింద తీసి, అంచు మళ్లీ అతకాలి. అప్పుడు కూడా కింద చుట్టు తగ్గుతుంది కాబట్టి అంచు కొంత మిగులుతుంది.

పైన తీసేటప్పుడు దర్జీలు మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి జిప్పు. 7 ఇంచుల జిప్పు ఉంటే, పైన నాలుగుంపావు పోయాక మూడు ఇంచులు కూడా మిగలదు. అంత సందులో తుంటి పట్టదు. జిప్పు పూర్తిగా విప్పి, పక్క కుట్టును కిందికి తెరిచి మళ్లీ పెట్టాలి. ఇది ముందే చెప్పకపోతే రిసెప్షన్ రోజు స్కర్టు ఎక్కదు. రెండోది లైనింగ్. అది పై గుడ్డ కంటే ఒక ఇంచు పొట్టిగా ఉండాలి. పై గుడ్డను మాత్రమే తగ్గించి ఊరుకుంటే తెల్ల లైనింగ్ కింద తొంగిచూస్తుంది. మళ్లీ కుట్టాక బెల్టు వెడల్పు పొడుగులో కలిపి 31 ముప్పావా, విడిగానా అని కూడా తేల్చుకో. బెల్టు ఇంచున్నర ఉంటే అక్కడే ఇంచున్నర మారిపోతుంది. అక్క స్కర్టు 36 ఎట్లా కొలిచారో నీది కూడా అట్లాగే కొలవాలి.

మూడో దారి మన నాయనమ్మలకు బాగా తెలుసు. ఎదిగే ఆడపిల్లల లంగాలకు టక్కులు వేసి, ఏడాదికొకటి విప్పుతూ పోయేవాళ్లు. అదే ఇక్కడ పనికొస్తుంది. గుడ్డ కత్తిరించకుండా, అంచుకు కొంచెం పైన చుట్టూ లోపలికి ఒక మడత పెట్టి కుట్టడమే. టక్కు లోతు రెండు ఇంచుల పైన పిసరంత ఉండాలి. మడత రెండు పొరలు కాబట్టి పొడుగు నాలుగుంపావు తగ్గుతుంది. జిప్పు, బెల్టు, కుచ్చులు ఏవీ కదలవు. లైనింగ్‌కు కూడా అంతే టక్కు. పెళ్లి అయ్యాక విప్పితే నీ మ్యాక్సీ నీకు తిరిగి వస్తుంది. ఇబ్బంది ఏంటంటే, టక్కు ఉన్న చోట గుడ్డ బరువెక్కి కొంచెం బిర్రుగా నిలబడుతుంది. సిల్క్ కాటన్‌కు అది డిజైన్ లాగే ఉంటుంది, జార్జెట్ అయితే లోపలి మడత నీడలా కనిపించేది. విప్పాక కుట్టు గీత కూడా కొన్నాళ్లు కనిపిస్తుంది, సిల్క్ మీద ఇంకా ఎక్కువ. చెల్లెకు రెండు ఇంచులు తగ్గాలి కాబట్టి ఇంచు లోతు టక్కు చాలు. ఇద్దరికీ టక్కు వేసి అక్కకు వేయకపోతే మళ్లీ వేరుగా కనిపిస్తారేమో అనిపిస్తే, అంచు కుట్టు వెనకే టక్కు దాచమని చెప్పు. ఒడుపున్న దర్జీకి అది కష్టం కాదు.

నేనైతే పెళ్లికి టక్కే వేయిస్తాను, కత్తెరకు తొందరేముంది? అయితే మడతలు ఇష్టం లేకపోయినా, తర్వాత మ్యాక్సీగా వేసుకునే ఆలోచన లేకపోయినా పైన తీయించడమే శుభ్రంగా ఉంటుంది. నిర్ణయం నీది. ఏదైనా సరే, ముందు పిన్నీసులతో మడత పెట్టుకొని, ముగ్గురూ పక్కపక్కన నిలబడి, అక్క ఫోన్‌లో ఒక ఫొటో తీసి చూసుకోండి. ఫొటోలో అంచులు మూడూ కాళ్ల మీద ఒకే చోట ఆగితే చాలు. నేల నుంచి ఒకే ఎత్తులో గీత గీసినట్టు రావాలని చూస్తే మళ్లీ మొదటికొస్తారు.

ఆన్‌లైన్ డ్రెస్ సంగతికి వద్దాం. డ్రెస్ పొడుగు నడుము నుంచి కొలవరు, భుజం మీద మెడ పక్కనుంచి కొలుస్తారు, మనం కుర్తీకి కొలిచినట్టే. కాబట్టి మధ్యలో ఇంకో అంకె కావాలి. భుజం నుంచి ఛాతీ మీదుగా నడుము దాకా నీకు సుమారు 15 ఇంచులు ఉంటుంది, కొలుచుకో. 48లోంచి 15 తీస్తే 33. అది నీ చీలమండ ఎముక దగ్గర పడుతుంది. నువ్వు చూసింది అదే. బొమ్మలో వేసుకున్న మోడల్ సాధారణంగా 5 అడుగుల 8, 9 అంగుళాలు ఉంటుంది. ఆమె నడుము నుంచి నేలకు నీకంటే అయిదారు ఇంచులు ఎక్కువ, భుజం నుంచి నడుముకూ ఇంచో రెండో ఎక్కువ. ఆమెకు పిక్కల మీద ఆగింది నీకు చీలమండల దాకా దిగింది.

దీన్ని నీకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. మిడి కావాలంటే నీకు డ్రెస్ పొడుగు 15కు 28 కలిపి 43 ఇంచులు. మోకాలికి 36. కొనేటప్పుడు పేరు చదవకు, సైజుల పట్టికలో పొడుగు అంకె చదువు. అక్కడ మినీ అని రాసిన 34 ఇంచుల డ్రెస్ నీకు నడుము కింద 19 వస్తుంది. అంటే మోకాలికి ఒకటిన్నర ఇంచు పైన. మోకాలి పొడుగు అని రాసిన 38 నీకు మోకాలి కిందికి దిగుతుంది. ఒక మెట్టు పొట్టిది కొనుక్కుంటే సరిపోతుందని దీనర్థం, కానీ దీనికి ఒక హద్దుంది. నడుము దగ్గర కుట్టు ఉన్న డ్రెస్ అయితే ఆ కుట్టు మోడల్ నడుముకు సరిపోయేలా ఉంటుంది, నీకు ఇంచో రెండో కింద తుంటి మీదికి వస్తుంది. పొడుగు కుదిరినా నడుము కిందికి జారినట్టు కనిపిస్తుంది, చంకలూ దిగుతాయి. అంచు తగ్గించి దాన్ని బాగుచేయలేం. నడుము కుట్టు లేకుండా భుజం నుంచి నేరుగా దిగే డ్రెస్సులు, సాగే ఎలాస్టిక్ నడుమున్నవి ఆన్‌లైన్‌లో తీసుకో, కుట్టు ఉన్నవి ఇక్కడే కొలతలిచ్చి కుట్టించుకో. ఇంట్లో ఉన్న కుర్తీల్లో నీకు బాగా కుదిరినదాన్ని పరిచి కొలిస్తే చాలావరకు లెక్క అందులోనే దొరుకుతుంది.

ఇక అమ్మ. అమ్మ అభ్యంతరం స్కర్టు మీద కాదేమో, కూర్చున్నప్పటి స్కర్టు మీద కావచ్చు. నిలబడి కొలిచిన పొడుగు కూర్చుంటే నిలవదు. 20, 21 ఇంచుల ఇరుకు స్కర్టు వేసుకొని కుర్చీలో కూర్చో, అంచు రెండు మూడు ఇంచులు పైకి జరిగి మోకాళ్లు బయటికి వస్తాయి. ఆటోలోనో, ఆర్టీసీ బస్సు ఎత్తుమెట్టు మీదనో ఇంకొంచెం. కింద గేరు ఉన్న స్కర్టు అంతగా జరగదు, గుడ్డ పక్కలకు పరుచుకుంటుంది. అమ్మను దగ్గర కూర్చోబెట్టుకొని కుర్చీ మీద చున్నీతో చూపించు. 20 కుట్టించుకుంటే రోజంతా కిందికి లాక్కుంటూ కూర్చోవాలి, ఇంట్లో మాట పట్టింపు కూడా. 22న్నర, 23 పెట్టి కొంచెం గేరు పెట్టిస్తే నిలబడినప్పుడు మోకాలి కింద ఆగుతుంది, కూర్చున్నా మోకాలి మీదే ఉంటుంది. అమ్మ చెప్పిందీ నువ్వు కోరిందీ ఇక్కడ దాదాపు కలుస్తాయి. కానీ 24 దాటనివ్వకు, పిక్క మీదికి పోతే అందం పోతుంది. అమ్మ దానికీ ఒప్పుకోకపోతే 28, 29 మిడి ఉండనే ఉంది. హైదరాబాద్‌లో ఉండేది నువ్వే కాబట్టి అక్కడ ఏం వేసుకుంటావో చివరికి నీ ఇష్టం. కాకపోతే ఇంటికి తెలియకుండా వేరే పొడుగు, ఇంటికొచ్చేటప్పుడు వేరే పొడుగు అన్న వ్యవహారం బట్టల ఖర్చుతో పాటు ఇంకా చాలా పెంచుతుంది.

ఆఫీసుకు మొదట ఒక మిడి, ఒక మోకాలి కింద పొడుగు, రెండే కుట్టించుకొని ఒక నెల వేసుకొని చూడు. దేన్ని ఎక్కువసార్లు తీస్తున్నావో దానికి మూడోది కుట్టించు. నేత కాటన్ తీసుకుంటే కత్తిరించక ముందే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టు, లేకపోతే 28 ఇంచుల స్కర్టు మొదటి ఉతుకుకే ఒక ఇంచు తగ్గి పిక్క మీదికి ఎక్కుతుంది. అంబ్రెల్లా కట్ అయితే అంచు కుట్టే ముందు ఒక రాత్రంతా వేలాడదీయమను. ఐమూల గుడ్డ తన బరువుకు అక్కడక్కడ సాగుతుంది, సాగాక సమంగా కత్తిరిస్తే మళ్లీ వంకర పోదు. తొందరలో ఉన్న దర్జీలు ఈ పని చేయరు, అడిగి చేయించుకో. పై టాపు లోపలికి దోపుకునేలా ఉంచు. నడుము కింద ఎనిమిది ఇంచులు టాపే కప్పేస్తే 28 ఇంచుల స్కర్టులో కనిపించేది 20 మాత్రమే, మళ్లీ సగం సగం అయిపోతావు.

కాగితం మీద ఇవి రాసి దర్జీకి ఇవ్వు: నాడా కట్టిన చోటు నుంచి నేలకు ఎంత, మోకాలి చిప్పకు ఎంత, పిక్క కింద పిన్నీసుకు ఎంత, భుజం నుంచి నడుముకు ఎంత, వెనక ఎంత ఎక్కువ, బెల్టుతో కలిపా విడిగానా. ఒక నకలు నీ ఫోన్‌లో పెట్టుకో. కరీంనగర్ ప్రయాణానికి నాలుగు రోజుల ముందే టక్కు వేయించి, ఆ చెప్పులతోనే ఒకసారి మెట్లు ఎక్కి దిగి చూడు. తేడా ఉంటే సరిచేయడానికి దర్జీకి కూడా టైముంటుంది.